కార్తెకో కొలత: బావి లెక్క ఎక్కడ తప్పుతోంది

మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2022 సెప్టెంబరులో తెచ్చిన జల్‌దూత్ యాప్ ఊరికి రెండు మూడు బావులు ఎంచుకుని, వాటి నీటిమట్టాన్ని ఏడాదికి ఇలా రెండుసార్లు కొలవమంటుంది. వానలకు ముందు కొలత, వానల తర్వాత కొలత, రెండింటి తేడా భూమిలోకి దిగిన నీటికి గుర్తు. 1969లో మొదలైన జాతీయ పరిశీలన బావుల వ్యవస్థ దీనికంటే కాస్త నయం. కేంద్ర భూగర్భజల బోర్డు సిబ్బంది జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో నాలుగుసార్లు కొలుస్తారు. దేశంలో భూగర్భజలం ఎటు పోతోందో చూడడానికి ఈ పద్ధతులు పనికొస్తాయి. అనంతపురం జిల్లాలో బావి ఉన్న రైతు అడిగేది వేరు. ఈ ఏటి వానకు నా బావి చుట్టూ ఎంత నీరు చేరింది, దాంతో రబీలో ఎంత నేల తడుస్తుంది? దీనికి ఏడాదికి రెండు కొలతలు ఎందుకు చాలవో, ఎన్నయితే చాలునో, అవి ఎలా తీయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మొదటి చిక్కు క్యాలెండరుది. బావి అడుగంటేది మే నెలలోనే అని మనం అనుకుంటాం. రాయలసీమలో చాలా ఏళ్లు అలా జరగదు. జూన్, జులై జల్లులు ఎండిన పైమట్టిని తడపడానికే సరిపోతాయి. ఈలోగా మోటార్లు ఆగవు, బావిలో నీరు ఆగస్టు దాకా దిగుతూనే ఉంటుంది. పైకి వచ్చేటప్పుడూ ఇదే ఆలస్యం. ఇక్కడ గట్టి వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. అది రాతి పొరల్లోంచి బావి దాకా చేరి మట్టం పూర్తిగా లేచేసరికి నవంబరు వస్తుంది. నెల్లూరు జిల్లాలో అయితే ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు కొలత అక్కడ వానలయ్యాక తీసినట్టు కాదు, వానలు మొదలవుతుండగా తీసినట్టు. మే, అక్టోబరు కొలతలు రెండూ నిజమే అయినా, వాటి మధ్య తేడా మాత్రం బావి నిజమైన అడుగుకీ నిజమైన శిఖరానికీ మధ్య తేడా కాదు.

దీనికి మందు మన రైతుల పంచాంగంలోనే ఉంది. కార్తె అంటే సుమారు 13, 14 రోజులు. ఏడాదికి 27 కార్తెలు. ఏ కార్తెలో ఎంత వాన పడిందో గుర్తుపెట్టుకునే అలవాటు ఊళ్లలో ఇంకా పోలేదు. కార్తె మొదలైన రోజు పొద్దున బావిని కొలిస్తే, పక్షానికి ఒక కొలత తేలిగ్గా కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 తర్వాత ఏడు కరవు జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భజలాన్ని కొలిపించిన ఏపీఫామ్‌గ్స్ ప్రాజెక్టు కూడా 15 రోజుల గడువే పెట్టుకుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో మార్వి ప్రాజెక్టు కింద ఊరివాళ్లే అయిన భూజల్ జాన్‌కార్లు వారానికోసారి కొలిచారు. వారానికైతే మరీ మంచిదే. కానీ ఏళ్ల తరబడి వదలకుండా సాగేది పక్షం లెక్కేనని నా అభిప్రాయం.

కొలవడం కష్టమేమీ కాదు, కానీ ప్రతిసారీ ఒకేలా కొలవాలి. ముందు పిట్టగోడ మీద ఒకచోట రంగుతో గుర్తు పెట్టాలి. ఎవరు కొలిచినా ఆ గుర్తు దగ్గర నుంచే కొలవాలి. నేల నుంచి ఆ గుర్తు ఎంత ఎత్తులో ఉందో ఒకసారి కొలిచి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి. గోడ మళ్లీ కట్టినా, ప్లాస్టరింగు చేసినా ఈ ఎత్తు మారుతుంది. ఆ సంగతి తేదీతో సహా రాయకపోతే అంతకుముందు కొలతలకూ తర్వాతి కొలతలకూ పొంతన ఉండదు. తాడైనా గుడ్డ టేపైనా తడిస్తే సాగుతుంది కాబట్టి ఉక్కు టేపు కావాలి. దాని కొసకు చిన్న బరువు కట్టి, చివరి మీటరు మేర సుద్దముక్కతో రుద్దాలి. సుద్ద రాసిన భాగం నీళ్లలో మునిగేదాకా దించి, టేపు మీద ఏదైనా పూర్తి మీటరు గీతను గోడ మీది గుర్తుకు ఆనించాలి. పైకి తీశాక సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూడాలి. పైన పట్టుకున్నది 13 మీటర్ల గీత, సుద్ద తడిసింది 72 సెంటీమీటర్ల దాకా అనుకుందాం. అప్పుడు గుర్తు నుంచి నీటికి 12.28 మీటర్లు. అందులోంచి పిట్టగోడ ఎత్తు 0.78 తీసేస్తే నేల నుంచి నీటి లోతు 11.50 మీటర్లు. పైనుంచి వంగి చూసి ‘ఇక్కడికి తగిలింది’ అని అంచనా కట్టడం కంటే ఈ పద్ధతి ఎంతో నమ్మకమైనది. అంచనా కడితే కనీసం ఐదు, పది సెంటీమీటర్లు అటూఇటూ అవుతుంది. పక్షంలో దిగే మట్టమే అంతుంటుంది కాబట్టి ఆ తేడాలో అసలు కొలతే మాయమైపోతుంది.

అడుగులు వాడితే మరో ప్రమాదం ఉంది. తొమ్మిదడుగుల ఐదంగుళాలను 9.5 అని రాస్తారు. ఏడాది తర్వాత చదివేవాడు దాన్ని తొమ్మిదిన్నర అడుగులు అనుకుంటాడు. మీటర్లే వాడితే ఈ గొడవ ఉండదు.

టేపు తప్పుల కంటే పెద్ద తప్పు వేళకానివేళ కొలవడం. మోటారు నడిచిన బావిలో కనిపించేది భూమిలోని నీటిమట్టం కాదు, మోటారు తోడగా మిగిలిన మట్టం. రాతి నేలలో వెడల్పైన బావి ఊటతో తేరుకోవడానికి ఒక్కోసారి ఒక రోజు పైనే పడుతుంది. పగలు తొమ్మిది గంటలు కరెంటు వచ్చే చోట, ఆ వేళకు ముందు పొద్దున్నే కొలిస్తే బావికి రాత్రంతా విశ్రాంతి దొరికినట్టే. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆటోస్టార్టర్ ఉన్న మోటారు ఎప్పుడు తిరిగిందో రైతుకే తెలియని పరిస్థితి. అందుకే కొలతకు ముందురోజు మోటారు ఆపి, కొలిచేటప్పుడు అరగంట తేడాతో రెండుసార్లు చూడాలి. రెండింటికీ మధ్య సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే బావి ఇంకా ఊరుతోందని అర్థం. ఆ కొలతను కొట్టేయనక్కర్లేదు. ‘మోటారు ఆపి ఇన్ని గంటలైంది’ అని పక్కన రాస్తే చాలు, చదివేవాళ్లకు దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

అన్ని బావులూ ఈ పనికి పనికిరావు. బోరు నీళ్లను తెచ్చి పాత బావిలో నింపి, అక్కడి నుంచి పొలానికి పెట్టుకోవడం రాయలసీమలో మామూలే. అలాంటి బావి తొట్టి లాంటిది, దాని మట్టం భూమి గురించి ఏమీ చెప్పదు. అడుగున బోరు వేసిన బావి మట్టంలో పైపొర నీరూ కింది పగుళ్ల నీరూ కలిసిపోయి ఉంటాయి. వాన నీటిని నేరుగా బావిలోకి మళ్లించిన చోట, గట్టి వానకు మట్టం ఒక్క రాత్రిలో రెండు మీటర్లు లేచి నాలుగు రోజుల్లో మళ్లీ దిగిపోతుంది. చుట్టూ నేల నిండి మట్టం లేస్తే అది నిదానంగా లేస్తుంది, నిదానంగానే దిగుతుంది. ఈ తేడా గీత గీసి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. మంచిది, వాడకం మానేసిన బావి. అయితే పూడికతో దాని ఊట మూసుకుపోలేదని నిర్ధారించుకోవాలి. ఒక గంట మోటారు పెట్టి తోడాలి, ఒకటి రెండు రోజుల్లో మట్టం తిరిగి పాత చోటికి వస్తే బావికి నేలతో సంబంధం తెగలేదన్నమాట.

ఇక లెక్క. గ్రానైటు నేలలో ఉండే బావి తీరుకు తగ్గట్టు ఒక నమూనా పుస్తకం వేసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. లోతులన్నీ నేల నుంచి నీటి దాకా, కాబట్టి అంకె పెరిగితే నీరు దిగినట్టు. రోహిణి మొదట్లో, అంటే మే 25న, 11.00 మీటర్లు. మృగశిరకు 11.12, ఆరుద్రకు 11.23. అక్కడి నుంచి పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెల దాకా కార్తెకు 9 సెంటీమీటర్ల చొప్పున దిగుతూ ఆగస్టు మొదట్లో 11.50 దగ్గర అడుగు చూసింది. మఖలో కొద్దిగా కదిలింది. ఉత్తర, హస్తల్లో గట్టిగా లేచింది. అక్టోబరు 10న చిత్త మొదలయ్యేసరికి 9.75. నవంబరు 19న అనూరాధ మొదలయ్యేసరికి 8.90. జ్యేష్ఠకు 8.98, అంటే దిగడం మొదలైంది. ఆశ్లేష నుంచి విశాఖ చివరి దాకా పడిన వాన 470 మిల్లీమీటర్లు. వానను కొలవడానికి అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా చాలు. రోజూ ఒకే వేళకు అందులోని నీటి లోతును స్కేలుతో చూసి పారబోయాలి.

మే, అక్టోబరు కొలతలు మాత్రమే ఉన్నవారికి 11.00 నుంచి 9.75 వరకు, 1.25 మీటర్ల పెరుగుదల కనిపిస్తుంది. కార్తె పుస్తకం ఉన్నవారికి 11.50 నుంచి 8.90 వరకు 2.60 మీటర్లు కనిపిస్తుంది. అదే బావి, అదే వాన, లెక్క మాత్రం రెట్టింపు దాటింది.

అయితే ఆ 2.60 కూడా పూర్తి లెక్క కాదు. వాన పడుతున్నన్నాళ్లూ భూమిలోంచి నీరు పోవడం ఆగదు. కొంత వాగులోకి పోతుంది, కొంత మోటార్లు తోడతాయి, కొంత కింది పొరల్లోకి జారుతుంది. వాన అసలు పడకపోయి ఉంటే ఆ ఎనిమిది కార్తెల్లో మట్టం ఎంత దిగేదో దాన్నీ కలపాలి. వానలకు ముందు కార్తెకు 9 సెంటీమీటర్ల చొప్పున దిగింది కాబట్టి ఎనిమిది కార్తెలకు 72 సెంటీమీటర్లు. 2.60కి 0.72 కలిపితే 3.32 మీటర్లు. ఏడాదికి రెండుసార్లు కొలిచేవారికి ఈ 9 సెంటీమీటర్ల అంకె ఎప్పటికీ దొరకదు. నీరు దిగేటప్పటి కొలతలు ఎవరికీ ఆసక్తిగా అనిపించవు గాని, లెక్కకు అసలు ఆధారం అవే. ఇందులో ఒక లోపం ఉంది. వేసవిలో నడిచినంతగా వానాకాలంలో మోటార్లు నడవకపోతే, దిగే వేగం కూడా తగ్గి ఉంటుంది. కాబట్టి 72 అన్నది పైఅంచనా, నిజం కొంచెం తక్కువ ఉండొచ్చు.

3.32 మీటర్లు లేచింది అంటే అంత నీరు చేరిందని కాదు. బావిలో అయితే అది నీరే, చుట్టూ మాత్రం రాయి. రాతి పొరలో ఖాళీలు కొద్దిగానే ఉంటాయి, వాటిలోంచి బావికి వచ్చే నీరు ఇంకా తక్కువ. దేశవ్యాప్తంగా వాడే 2015 నాటి భూగర్భజల అంచనా పద్ధతి, శిథిలమైన గ్రానైటులో బంకమట్టి తక్కువుంటే 3 శాతం, ఎక్కువుంటే 1.5 శాతం వేసుకోమంటుంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనంలో సుమారు 1.4 శాతం తేలింది. వాళ్ల దారి తెలివైనది. వాన లేని నెలల్లో మట్టం దిగడానికి ముఖ్య కారణం మోటార్లే. మోటార్లు ఎంత తోడాయో లెక్కగట్టి, మట్టం ఎంత దిగిందో చూస్తే రాయి ఎంత శాతం నీరు విడిచిందో తేలుతుంది. ఆ శాతాన్నే వానాకాలపు పెరుగుదలకు వాడారు. ఎండాకాలపు కొలతలు లేకుండా ఇది సాధ్యం కాదు.

మన నమూనా బావికి 1.5 శాతం వేస్తే 3.32 మీటర్లకు సుమారు 50 మిల్లీమీటర్ల నీరు చేరినట్టు. పడిన 470 మిల్లీమీటర్లలో ఇది పదో వంతుకు కాస్త ఎక్కువ. ఈ నేలలకు నమ్మదగ్గ అంకే. 3 శాతం వేసి ఉంటే 100 మిల్లీమీటర్లయ్యేది, వానలో అయిదో వంతుకు పైగా భూమిలోకి దిగిందని తేలేది. దగ్గర్లో చెరువో కాలువో లేకుండా గ్రానైటు నేలలో అలాంటి ఫలితం వస్తే, వాన గొప్పదని కాదు, శాతం తప్పు వేశామని అనుమానించాలి. లోతును బట్టి కూడా ఈ శాతం మారుతుంది. పైనున్న శిథిల పొర ఎక్కువ నీరు పడుతుంది, కింద గట్టి రాయిలోని పగుళ్లు తక్కువ పడతాయి. కాబట్టి 12 మీటర్ల లోతున లేచిన ఒక మీటరూ, 6 మీటర్ల లోతున లేచిన ఒక మీటరూ ఒకే లెక్కకు రావు.

ఈ సంగతి మరిచిపోతేనే సమావేశాల్లో తప్పుడు ప్రకటనలు వినిపిస్తాయి. మన నమూనా బావి మరుసటేడు 12.60 దాకా దిగి, అంతే వానకు 9.40 దాకా లేచిందనుకుందాం. పెరుగుదల 3.20 మీటర్లు, నిరుటి 2.60 కంటే ఎక్కువ. చెక్‌డ్యామ్ కట్టిన ఏడాది అయితే, ఇది దాని పుణ్యమే అంటారు. నిజానికి అడుగూ శిఖరమూ రెండూ నిరుటికంటే కిందనే ఉన్నాయి. ఎక్కువ తోడారు కాబట్టి ఎక్కువ ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీ గట్టి రాయిలో ఉంది కాబట్టి కొద్ది నీటికే మట్టం ఎక్కువ లేచింది. మంచి చెడ్డ చూడాలంటే ఏటా ఒకే కార్తెను దాని పాత ఏళ్లతో పోల్చాలి. ఆశ్లేషను ఆశ్లేషతో, అనూరాధను అనూరాధతో. చెక్‌డ్యామ్ ఫలితం తెలియాలంటే దానికి దూరంగా, అదే రకం నేలలో ఉన్న మరో బావి కొలతలు కూడా కావాలి. రెండు బావులూ ఒకేలా లేస్తే ఆ ఘనత వానదే.

పుస్తకంలో అందరూ పాడుచేసే గడి మరొకటి ఉంది. బావి ఎండిపోతే కొలిచేవాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, లేదా సున్నా వేస్తారు. మన లెక్కలో సున్నా అంటే నీరు నేల అంచుదాకా నిండి ఉన్నట్టు. ఖాళీగా వదిలితే ఇంకా ప్రమాదం. తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు 2019లో ప్రచురించిన పరిశోధన దక్షిణ భారతంలో భూగర్భజలం కోలుకుంటోందన్న అంచనాలను ప్రశ్నించింది. ఎండిపోయిన బావుల కొలతలు లెక్కలోంచి జారిపోతే, మిగిలేవి నీరున్న బావులే. వాటి సగటు చూసి పరిస్థితి మెరుగైందనుకుంటాం. అందుకే ఎండిన రోజున కూడా టేపు దించాలి. ‘ఎండింది, 13.20 కంటే లోతు’ అని అడుగు లోతుతో సహా రాయాలి.

నీరు ఎంత చేరిందో తెలిశాక ఏం చేస్తారు? ఏపీఫామ్‌గ్స్ ఊళ్లలో రబీకి ముందు రైతులు కూర్చుని ఈ లెక్కతో పంటల మాట మాట్లాడుకున్నారు. ఎవరినీ ఏదీ మానమని ఎవరూ ఆదేశించలేదు. గోడ మీద అంకెలు రాశారు, అంతే. అదే లెక్క మన నమూనాకు వేద్దాం. ఎకరం నేల కింద 50 మిల్లీమీటర్లు చేరితే సుమారు రెండు లక్షల లీటర్లు. రబీ వేరుశనగ ఎకరానికి దాదాపు 450 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది, అంటే తొమ్మిదెకరాల కింద చేరిన నీరు ఒక్క ఎకరానికి పోతుంది. వరి 1200 మిల్లీమీటర్లకు తగ్గదు. దానికి 24 ఎకరాల నీరు కావాలి. తడిలో కొంత తిరిగి భూమిలోకే దిగుతుంది, పంటకు కొంత నేల తేమ కూడా అందుతుంది, కాబట్టి ఈ అంకెలు కొంత సడలుతాయి. కానీ ఆరు మీటర్ల వెడల్పున్న బావిలో 2.60 మీటర్ల నీరు లేచిందని చూసి మురిసే రైతుకు, ఆ కనిపించే నీరు 73 వేల లీటర్లేనని, ఎకరం వేరుశనగకు కావాల్సింది 18 లక్షలని తెలియడం అవసరం. పంటను నిలబెట్టేది ఆ బావిలో కనిపించే నీరు కాదు, చుట్టూ రాతిలోంచి రోజూ వచ్చే ఊట.

ఆ తొమ్మిదెకరాలకు కంచె ఉండదు. పక్క చేలో బోరు అదే నీటిని తోడుతుంది. అందుకే ఒక్క బావి పుస్తకంతో రైతు తన పెరుగుదలను చూసుకోగలడు గాని, తన వాటా తేల్చుకోలేడు. ఏపీఫామ్‌గ్స్ ఊరిని కాక వాగు పరీవాహకాన్ని లెక్కకు హద్దుగా పెట్టుకున్నది ఈ కారణంతోనే. ఒక చిన్న వాగు పరీవాహకంలో ఎగువన రెండు, నడుమ రెండు, దిగువన రెండు బావులకు ఒకే రోజు, ఒకే పద్ధతిలో కొలతలు పడితే, ఎగువ బావులు స్వాతి నాటికే దిగడం మొదలెట్టి దిగువవి అనూరాధ దాకా లేస్తూ ఉండడం లాంటివి కనిపించే వీలుంటుంది. అప్పుడు రబీకి నీరు చాలదని ముందుగా తెలిసేది ఎగువ రైతుకే, విత్తనాలు కొనకముందే.